ఎంబీఏ అయ్యాక నాన్నగారి ఏజెన్సీలో చేరాలా, సొంతంగా గానుగ నూనె బ్రాండు పెట్టాలా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఈ ఏడాదే ఎంబీఏ పూర్తయింది. మాది ఖమ్మం. నాన్నగారికి ఒక కంపెనీ సబ్బులు, పేస్టులు, బిస్కెట్ల ఏజెన్సీ ఉంది, ఆయన ఒక్కరి పేరు మీదే. నెలకు 60 లక్షల సేల్, 5 శాతం మార్జిన్, 400 షాపులు. ఖర్చులు, బ్యాంకు క్యాష్ క్రెడిట్ అంటే సీసీ వడ్డీ పోగా 80 వేలు మిగులుతాయంటారు. సరుకు 38 లక్షలది ఉంటుంది, మార్కెట్లో బాకీ 24 లక్షలు, కంపెనీ నుంచి రావాల్సిన క్లెయిములు 3 లక్షలు. ఇంటి మీద 30 లక్షల సీసీ ఉంది. గోడౌన్ సొంతం. అక్కకు పెళ్లయింది. నాన్నగారు నన్ను చేరమంటున్నారు. నాకేమో స్నేహితుడితో కలిసి గానుగ నూనె బ్రాండు పెట్టాలని ఉంది. అదే కావాలంటే 25 లక్షలు ఇస్తానని కూడా అంటున్నారు. ఏది మంచిది?

జవాబు:

ఏజెన్సీలో చేరండి, కానీ ఇప్పుడున్న వ్యాపారంలోకి కాదు. మీ జీతం మీరే పుట్టించుకోగల కొత్త పనితో చేరండి. నూనెను ఆర్నెల్లు మీ నాన్నగారి బండి మీదే అమ్మి చూడండి. మిషన్లు మాత్రం ఇప్పుడే కొనకండి. మీరు ఇచ్చిన అంకెలు చూశాకే ఇలా చెబుతున్నాను.

ముందు ఆ 80 వేల సంగతి చూద్దాం. 60 లక్షల మీద 5 శాతం అంటే 3 లక్షలు. సీసీ వడ్డీ 10 శాతం లెక్కన నెలకు 25 వేలు. 80 వేలు మిగులుతున్నాయంటే సేల్స్‌మెన్, బండ్లు, డీజిల్, గోడౌన్ కుర్రాళ్లు, ఆపరేటర్, డ్యామేజీలు అన్నీ కలిపి 1 లక్షా 95 వేలు పోతున్నాయన్నమాట. ఈ స్థాయి ఏజెన్సీకి అది సరైన ఖర్చే. కానీ ఈ లెక్కలో మూడు పద్దులు లేవు. గోడౌన్ సొంతం కాబట్టి అద్దె రాయడం లేదు. బయటివాళ్లకు ఇస్తే 20 వేలైనా వస్తుంది. నాన్నగారు ఉదయం లోడింగ్ నుంచి రాత్రి క్యాష్ టాలీ దాకా చేసే పనికి మేనేజర్‌ని పెడితే 30 వేలు ఇవ్వాలి. సరుకు, బాకీ, క్లెయిములు కలిపి మొత్తం పెట్టుబడి 65 లక్షలు, అందులో బ్యాంకుది 30 పోతే మీ సొంత డబ్బు 35 లక్షలు. అది ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 7 శాతానికి పడుకున్నా నెలకు 20 వేలు తెస్తుంది. ఈ మూడూ తీసేస్తే మిగిలేది 10 వేలు.

నాన్నగారి వ్యాపారాన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఇల్లు నడిచింది, మీ చదువు అయింది దీని మీదే. కాకపోతే ఆ 80 వేలలో ఎక్కువ భాగం ఆయన కష్టానికి, గోడౌన్‌కి, డబ్బుకి వచ్చే కూలి. రెండో మనిషికి జీతం ఇచ్చేంత చోటు అందులో లేదు. మీరు వెళ్లి ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే అదే 80 వేలను ఇద్దరు పంచుకోవాలి. కొడుకు చేరిన రెండేళ్లకే ఇంట్లో గొడవలు మొదలయ్యే ఏజెన్సీల్లో చాలావాటికి మూలం ఇదే. స్వభావాలు కలవలేదని అందరూ అనుకుంటారు గానీ, అసలు అక్కడ ఇద్దరికి సరిపడా పని, డబ్బు ఉండవు.

కంపెనీ ఏరియా మేనేజర్ పెట్టుబడి మీద రాబడి చెప్పే ఆర్వోఐ షీట్ చూపిస్తే అందులో 19 శాతం కనిపించవచ్చు. వడ్డీ కట్టకముందు మిగిలే 1 లక్షా 5 వేలను పన్నెండుతో హెచ్చించి 65 లక్షలతో భాగిస్తే వచ్చేది అదే. అద్దె, నాన్నగారి జీతం కూడా తీసేసి వేయండి, 10 శాతం దగ్గర ఆగుతుంది. అంటే మీ పెట్టుబడి సంపాదిస్తున్నది సుమారుగా బ్యాంకు వడ్డీ అంతే.

ఇప్పుడు మీకు 35 వేల జీతం ఎక్కడి నుంచి రావాలో చూద్దాం. మార్జిన్ కంపెనీ చేతిలో ఉంది, దాన్ని మీరు పెంచలేరు. మీ చేతిలో ఉన్నది బాకీ, బండి.

బాకీ 24 లక్షలు, రోజు సేల్ 2 లక్షలు. అంటే సగటున 12 రోజుల అప్పు. సగటు చూస్తే బాగానే ఉంటుంది, లోపలికి వెళ్తేనే అసలు రోగం తెలుస్తుంది. ట్యాలీలో వసూళ్లను బిల్లు వారీగా కొడుతున్నారా, ఏ బిల్లుకో చెప్పకుండా ఆన్ అకౌంట్ కింద కొడుతున్నారా చూడండి. ఆన్ అకౌంట్‌లో కొడుతుంటే ఏ బిల్లు ఎన్ని రోజుల నుంచి ఉందో మీకు ఎప్పటికీ తెలియదు. ఒక షాపు ఖాతా తీసుకోండి. బాకీ 18,400. ప్రతి వారం 5 వేలు కడతాడు, ప్రతి వారం 5 వేల సరుకు తీసుకుంటాడు. సేల్స్‌మన్ దృష్టిలో అతను మంచి పార్టీ, తప్పకుండా కడతాడు. కానీ బిల్లు వారీగా సర్దితే అతను ఇవాళ కట్టింది నెల కిందటి బిల్లుకని తేలుతుంది. ఆ 18 వేలు మీరు అతనికి వడ్డీ లేకుండా శాశ్వతంగా ఇచ్చిన అప్పు. ఇలాంటి షాపులు 400లో 60, 70 ఉన్నా ఆశ్చర్యం లేదు. మొదటి నెల మీ పని ఇదొక్కటే: ప్రతి షాపుకీ కట్టని అతి పాత బిల్లు తేదీ రాయడం.

ఆ జాబితా చేతికి రాగానే అందరి మీదా పడి వసూలు చేయకండి. కొత్తగా వచ్చిన కొడుకులు చేసే పెద్ద తప్పు ఇది. షాపువాడు కట్టడు, సరుకు హోల్‌సేల్ నుంచి తెచ్చుకుంటాడు, మీ టార్గెట్ పడిపోతుంది, కంపెనీ అడుగుతుంది, నాన్నగారు కల్పించుకుని పాత పద్ధతే పెట్టేస్తారు. ఆ తర్వాత సేల్స్‌మెన్ మీ మాట వినరు. ఒక బీటు తీసుకోండి, అంటే సేల్స్‌మన్ ఒక రూటులో తిరిగే 40 షాపులు. పాత బాకీని పక్కన పెట్టి వారానికి వెయ్యి చొప్పున విడిగా కట్టించుకోండి. కొత్త సరుకుకు మాత్రం బిల్లు టు బిల్లు పద్ధతి: పాత బిల్లు కట్టాకే కొత్త బిల్లు దిగుతుంది. రెండు నెలలు అక్కడ నిలబడితే రెండో బీటుకు వెళ్లండి. ఏడాదిలో 12 రోజులు 8 రోజులకు దిగితే 8 లక్షలు చేతికి వస్తాయి. దాని మీద మిగిలే వడ్డీ నెలకు 6, 7 వేలే. అసలు లాభం ఆ 8 లక్షలను తిప్పడంలో ఉంది.

తిప్పేది బండి మీద. మీ బండి రోజూ సగం ఖాళీగా వెనక్కి వస్తుంటే, అదే షాపులకు ఇంకో కంపెనీ లైను వేయవచ్చు. మీ కంపెనీకి పోటీ కానిది అయ్యుండాలి. నియామక పత్రంలో పోటీ సరుకు పెట్టకూడదనే షరతు సాధారణంగా ఉంటుంది, ముందు అది చదవండి. నెలకు 15 లక్షల సేల్ వచ్చే లైను 5 శాతం మీద 75 వేలు తెస్తుంది. ఒక సేల్స్‌మన్ 18 వేలు, అదనపు డీజిల్ 6 వేలు, సరుకు, బాకీలకు కావాల్సిన 16 లక్షల మీద వడ్డీ 13,500, డ్యామేజీలు 2,500 పోతే 35 వేలు మిగులుతాయి. గోడౌన్, ఆపరేటర్, బండి అన్నీ ముందే ఉన్నాయి కాబట్టే ఇది సాధ్యం. అదే లైనును కొత్తవాడు విడిగా మొదలుపెడితే నష్టమే. ఆ 16 లక్షల్లో 8 పాత బాకీల నుంచి వస్తాయి. క్లెయిముల్లో ఇరుక్కున్న 3 లక్షల్లో కనీసం లక్ష కదిలించవచ్చు. మిగతా 7 లక్షలు నాన్నగారు ఇస్తానన్న 25లో నుంచి తీసుకోండి. క్లెయిముల విషయంలో ఒక్క మాట. ఎక్కువగా తిరిగొచ్చేది బ్యాచ్ నంబరు లేకో, గడువు దాటాక పంపడం వల్లో. ఎవరు, ఏ తేదీకి పంపాలో గోడ మీద రాసి పెట్టండి, సగం సమస్య తీరుతుంది.

ఇంత చేశాక కూడా ఏజెన్సీ మీ ఆస్తి అని అనుకోకండి. డీలర్‌షిప్ కంపెనీది, నోటీసు ఇచ్చి తీసేసుకోవచ్చు. ఏజెన్సీల ఏరియాలు కలిపేసి ముగ్గురి చోట ఒకరిని ఉంచడం మామూలైపోయింది. మీది అనదగ్గది షాపుల జాబితా, వసూలు అలవాటు, గోడౌన్. ఒకే కంపెనీ మీద ఆధారపడిన ఏజెన్సీలో జీవితం పెట్టడం కంటే రెండు, మూడు లైన్లున్న ఏజెన్సీలో పెట్టడం వేరు. రెండో లైను వేయమనడానికి మీ జీతం ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

ఇక కాగితాలు. ఇప్పుడు వ్యాపారం నాన్నగారి ఒక్కరిది. మీరు పదేళ్లు పనిచేసి సేల్‌ను రెట్టింపు చేసినా చట్టం దృష్టిలో అది ఆయనదే. ఆయన సొంతంగా సంపాదించిన దానికి వీలునామా లేకపోతే, ఆయన తర్వాత అమ్మగారికి, అక్కకు, మీకు సమాన వాటాలు వస్తాయి. నానమ్మ ఉంటే ఆమెకు కూడా. అక్కకు వాటా రావడం న్యాయమే, అందులో తప్పు లేదు. కానీ మీ పదేళ్ల కష్టం కూడా అదే కుప్పలో కలిసిపోతే అప్పుడు అక్కకూ మీకూ మధ్య మాట వస్తుంది. ఇప్పుడే ఇంట్లో అందరూ కూర్చుని, ఇవాళ్టి దాకా ఉన్న విలువ ఎంత, ఇక మీదట పెరిగేది ఎవరిది అని రాసుకుంటే ఆ రోజు రాదు.

మొదటి ఏడాది జీతానికే ఉండండి, బ్యాంకు ఖాతాలోకే తీసుకోండి. కుదురుకున్నాక పార్ట్‌నర్‌షిప్‌కు మార్చండి. అది ఊరికే పేరు చేర్చడం కాదు. సంస్థకు కొత్త పాన్ వస్తుంది, దానితో కొత్త జీఎస్టీ నంబరు, తినే సరుకు ఉంది కాబట్టి కొత్త ఆహార లైసెన్సు, కొత్త సీసీ ఖాతా. కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే డీడ్ రాయించండి. ముందు డీడ్ రాసి తర్వాత కంపెనీని అడిగితే, నియామకం పాత పేరు మీదే ఉండి బిల్లింగ్ ఆగిపోయే ప్రమాదం ఉంది. డీడ్‌లో వాటాలు, మీ జీతం, పెట్టుబడి మీద వడ్డీ, చెక్కు మీద ఎవరి సంతకం, ఎవరైనా చనిపోతే వ్యాపారం ఎలా సాగాలి అన్నవి తప్పకుండా ఉండాలి. చివరిది రాయకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ఒకరు చనిపోగానే సంస్థ రద్దయినట్టే, ఇద్దరే ఉన్నచోట ఆ షరతు రాసినా ఒక్కరితో సంస్థ మిగలదు, కాబట్టి పోయినవారి చోటులోకి ఎవరు రావాలో కూడా రాయండి. డీడ్‌ను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని ఫర్మ్ బాకీ ఎగ్గొట్టిన షాపు మీద దావా వేయలేదు. 24 లక్షలు మార్కెట్లో ఉన్నవాళ్లు ఈ ఒక్క ఖర్చు దగ్గర వెనకాడకూడదు.

నూనె దగ్గరకు వద్దాం. మీ ఆలోచన చెడ్డదేమీ కాదు, కానీ లీటరు లెక్క మీ స్నేహితుడితో కూర్చుని వేశారో లేదో. వంద కిలోల వేరుశనగ గుళ్లు చెక్క గానుగలో ఆడితే సుమారు 40 కిలోల నూనె వస్తుంది, అంటే 44 లీటర్లు. గుళ్లు కిలో 110 అనుకుంటే 11 వేలు. మిగిలిన 55 కిలోల వేరుశనగ చెక్క కిలో 35 చొప్పున అమ్మితే 1,925 తిరిగి వస్తుంది. లీటరుకు గింజ ఖర్చే 206 పడింది. బాటిల్, మూత, లేబుల్, అట్టపెట్టె 18, కరెంటు, కూలి 15, మడ్డి, కారడం వల్ల తరుగు 5 కలిపితే 244. ధరలు సీజన్‌ను బట్టి మారతాయి, మీరు కొనే రోజు ధర వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

బాటిల్ మీద ఎంఆర్‌పీ 360 వేశారనుకుందాం. షాపుకు 15 శాతం ఇస్తే 306. అందులో 5 శాతం జీఎస్టీ తీస్తే 291. పంపిణీదారుకు 5 శాతం పోతే మీ చేతికి 277. లీటరుకు మిగిలేది 33 రూపాయలు, ఒక రూపాయి రవాణాకు వదిలేసి 32 అనుకోండి. ఇప్పుడు నెల ఖర్చులు: సేల్స్‌మన్ 18 వేలు, షెడ్డు అద్దె 15 వేలు, శాంపిళ్లు, ప్రచారం 12 వేలు, మిషన్లకు, షెడ్డుకు పెట్టే 10 లక్షలను ఐదేళ్ల అప్పుగా లెక్కేసుకుంటే 11 శాతం మీద వాయిదా సుమారు 21,700. మొత్తం 66,700. దీన్ని 32తో భాగిస్తే దాదాపు 2,100 లీటర్లు. అంతవరకు మీ ఇద్దరికీ ఒక్క రూపాయి రాదు. చెరో 30 వేలు తీసుకోవాలంటే 4 వేల లీటర్లు అమ్మాలి.

4 వేల లీటర్లంటే షాపుకు నెలకు 15 లీటర్లు పోయినా 267 షాపులు కావాలి. నాన్నగారి 400 షాపుల్లో మూడింట రెండు వంతులు ప్రతి నెలా తీసుకోవాలి, అదీ పక్కనే సగం ధరకు సన్‌ఫ్లవర్ ప్యాకెట్ వేలాడుతుండగా. పైగా నెలకు 9 టన్నుల గుళ్లు, అంటే 10 లక్షలు. గింజ నగదుకు కొంటారు, షాపులు రెండు వారాలకు కడతాయి. చేతిలో తిరగడానికే 15 లక్షలు ఉండాలి. మిషన్లు, షెడ్డు ఏర్పాట్లకు 10 పోతే నాన్నగారి 25 లక్షలు అక్కడితో సరి. ఒక్క లోడు బూజు గుళ్లు వచ్చినా, తేమ ఎక్కువున్న గింజ ఆడి నూనె రెండు నెలలకే ముక్క వాసన కొట్టి షాపులు వెనక్కి పంపినా, తట్టుకోవడానికి ఏమీ మిగలదు. ఇళ్లకు నేరుగా అమ్మితే మార్జిన్లు మిగులుతాయనేది నిజమే, కానీ లీటరు బాటిల్‌ను ఇంటికి చేర్చే ఖర్చు, దారిలో కారిపోయేవి ఆ మిగులులో పెద్ద భాగం తినేస్తాయి. ఊళ్లోనే 100, 150 ఇళ్లకు నెలవారీగా వేసేంత వరకే ఆ దారి బాగుంటుంది.

అందుకే మిషన్లు కొనకుండా పరీక్షించమంటున్నాను. ఇప్పటికే లైసెన్సుతో నడుస్తున్న గానుగ దగ్గర మొదట నెలకు 200 లీటర్లు ఆడించి మీ పేరుతో నింపించండి. సరుకు ఖర్చు 50 వేల లోపే. మీరు తయారు చేయకపోయినా మీ బ్రాండు మీద అమ్ముతున్నారు కాబట్టి మీకూ ఆహార లైసెన్సు కావాలి. లేబుల్ మీద ఆడించినవారి పేరు, చిరునామా, మీ పేరు, నికర పరిమాణం, తయారీ నెల, ఎంఆర్‌పీ, ఫిర్యాదుల ఫోన్ నంబరు ఉండాలి. 40 షాపులు ఎంచుకోండి. నాన్నగారి బండి మీద పంపినా ఏజెన్సీకి ఆ 5 శాతం కట్టండి, లేకపోతే లెక్క మిమ్మల్నే మోసం చేస్తుంది.

లెక్కపెట్టాల్సింది మొదటి ఆర్డరు కాదు. అది నాన్నగారి ముఖం చూసి ఇచ్చింది. రెండోదీ అంతే. మూడోసారి, సేల్స్‌మన్ అడగకుండా షాపువాడే ఫోన్ చేసి, పాతది కట్టి తెప్పించుకున్నాడా అన్నదే చూడండి. ఆర్నెల్లకు 40లో 15 షాపులైనా ఇలా నెలకు 15 లీటర్లు తీసుకుంటుంటే, అప్పుడు ఒక గానుగ కొనే మాట మాట్లాడవచ్చు. ఐదారు షాపుల దగ్గర ఆగిపోతే మీకు పోయింది శాంపిళ్ల డబ్బు, లేబుల్ డబ్బు.

ఆ దశకు వచ్చాక స్నేహితుడితో రాసుకునే ఒప్పందంలో నాన్నగారి డబ్బును మీ వాటా పెట్టుబడిగా కలిపేయకండి. సంస్థకు ఆయన ఇచ్చిన అప్పుగా, వడ్డీతో, బ్యాంకు ద్వారా చూపించండి. 20 వేలు, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను శాఖ అంతే మొత్తం జరిమానా వేయగలదు. పెట్టుబడిగా కలిపితే స్నేహితుడు విడిపోయే రోజు ఆ డబ్బు ఎవరిదన్న దగ్గరే తగువు మొదలవుతుంది. మిషన్లకు అప్పు కావాలంటే ముద్ర పథకం కింద 10 లక్షల దాకా తనఖా లేకుండా అడగవచ్చు. ఇల్లు ఇప్పటికే సీసీకి తనఖాలో ఉంది, మళ్లీ దాని జోలికి పోవద్దు.

చివరిగా నాన్నగారిని అడగాల్సిన ఒక ప్రశ్న ఉంది, ఇవాళే అడగండి: ఆ 25 లక్షలు ఎక్కడున్నాయి? డిపాజిట్‌లో ఉంటే పైన చెప్పినట్టు 7 లక్షలు రెండో లైనుకు తీసుకుని 18 లక్షలు కదపకండి. సీసీ ఖాతాలో నుంచి తీసి ఇస్తానంటే వద్దనండి. ఇల్లు తనఖాలో ఉన్నా, సీసీ సరుకు, బాకీల మీద ఇచ్చిన అప్పు. నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌ను బట్టి ఎంత వాడుకోవచ్చో బ్యాంకు లెక్క కడుతుంది. అందులోంచి డబ్బు తీసి గానుగల్లో పెడితే అది నెలలో తిరిగి రాదు. ఆ ఖాతా నిండిపోయి కంపెనీకి పెట్టే సరుకు ఇండెంట్‌కు డబ్బు ఉండదు, సరుకు రాదు, సేల్ తగ్గి బాకీలు తగ్గుతాయి, దాంతో వాడుకోగల పరిమితి ఇంకా తగ్గుతుంది. ఖాతా వరసగా 90 రోజులు పరిమితి దాటి ఉంటే మొండి బాకీ కింద రాస్తారు. నూనె వ్యాపారం బాగానే నడుస్తున్నా ఏజెన్సీ ఆగిపోయేది ఇక్కడే. ముందుగా పసిగట్టాలంటే సీసీ స్టేట్‌మెంట్ తీసి, గత ఏడాదిలో ప్రతి నెలా 10వ తేదీన ఎంత ఖాళీ ఉందో వరసగా రాయండి. ఆ అంకె నెలనెలా తగ్గుతూ వస్తుంటే రెండో లైను కూడా ఆపి, ముందు బాకీల పనే పట్టుకోండి.